వెయ్యి రూపాయలు ఐదు వందలయ్యే తేదీ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ కేంద్ర ధర్మకర్తల మండలికి మీరే అధ్యక్షులు కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేను నిజామాబాద్ జిల్లాలో కామర్స్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. మా వైపు బీడీలు చుట్టిన చేతులు లేని వాడ అరుదు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి బతుకంతా గడిపిన ఆడవాళ్లకు యాభై ఎనిమిదేళ్లు నిండాక మీ సంస్థ నుంచి ఈపీఎస్-95 పింఛను వస్తుంది. వాళ్ల కూలి తక్కువ. అందువల్ల సూత్రం ప్రకారం లెక్కగడితే వచ్చే పింఛను వందల్లోనే ఉంటుంది. 2014 సెప్టెంబరు 1 నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలని కేంద్రం నిర్ణయించాక చాలామందికి ఆ వెయ్యి ఖాతాలో పడుతోంది. ఆనాడు అది నిజంగా ఊరటే.

2025 సెప్టెంబరుకు ఆ నిర్ణయానికి పదకొండేళ్లు నిండాయి. అంకె మారలేదు. మా మేనత్త వయసు ఆడవాళ్లు బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకుని వచ్చి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "పైసలు అవే వస్తున్నయి గద బిడ్డా, మరి సరిపోతలేవెందుకు?" ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు చెప్పవచ్చు. ఆ వెయ్యి ఏ సంవత్సరానికి ఐదు వందల విలువకు దిగుతుందో కూడా చెప్పవచ్చు. ఆ లెక్క మీ ముందు పెట్టి, దాని ఆధారంగా రెండు పనులు కోరడానికే ఈ ఉత్తరం.

ముందుగా సగం అంటే ఏమిటో తేల్చుకుందాం. వెయ్యి రూపాయలకు ఒకప్పుడు వచ్చిన సరుకుల్లో ఇప్పుడు సగమే వస్తున్నాయంటే, అవే సరుకులు మొత్తం కొనడానికి రెండు వేలు కావాలి. అంటే ధరలు రెండింతలు కావాలి. ధరలు యాభై శాతం పెరిగితే డబ్బు విలువ సగం కాదు. పదిహేను వందల సరుకుకు మన దగ్గర వెయ్యి ఉంటే మూడింట రెండు వంతులు వస్తాయి, పోయేది మూడో వంతు. ఈ చిన్న తేడా దగ్గరే పింఛనుదారుల సభల్లో లెక్కలు తప్పిపోవడం చూస్తున్నాను.

ధరల కొలతకు మన దగ్గర కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో ప్రకటించే వినియోగదారుల ధరల సూచీ ఉంది. 2012ను వందగా తీసుకున్న ఆ సూచీ, పల్లెలూ పట్నాలూ కలిపి చూస్తే, 2014 సెప్టెంబరులో సుమారు 120 దగ్గర ఉంది. 2025 సెప్టెంబరులో సుమారు 197. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 1.64. అంటే 2014లో వెయ్యి రూపాయలకు వచ్చిన సంచికి ఇప్పుడు సుమారు 1,640 రూపాయలు కావాలి. తిప్పి చెప్పాలంటే ఈనాటి వెయ్యి రూపాయలు ఆనాటి 610 రూపాయలతో సమానం. అరవై నాలుగు శాతం ధరలు పెరిగాయి కాబట్టి పింఛను విలువ అరవై నాలుగు శాతం పోయిందని కొందరు కరపత్రాల్లో రాస్తారు. అది నిజం కాదు. పోయింది ముప్పై తొమ్మిది శాతం. ఆ ముప్పై తొమ్మిదే చాలు మనసు చివుక్కుమనడానికి. అంకె పెంచి చెబితే మీ కార్యాలయంలో ఎవరో ఒకరు కాలిక్యులేటర్ తీసి ఆ ఒక్క తప్పు చూపించి మొత్తం అర్జీని పక్కన పెట్టగలరు. మా వాళ్ల అర్జీ అలా పోకూడదు.

పదకొండేళ్లలో 1.64 రెట్లంటే సగటున ఏడాదికి 4.6 శాతం. ఏటేటి శాతాలన్నీ కూడి పదకొండుతో భాగించి తెచ్చిన సగటు కాదిది. ఒక ఏడాది పెరుగుదల మీద మరుసటి ఏడాది పెరుగుదల ఎక్కుతుంది కాబట్టి, మొదటి సూచీని ఏ రేటు చొప్పున పదకొండు సార్లు గుణించుకుంటూ పోతే చివరి సూచీ వస్తుందో ఆ రేటే సరైనది. ఈ రేటు కొనసాగితే ధరలు రెండింతలు కావడానికి ఎన్నేళ్లు? చక్రవడ్డీ తెలిసిన ప్రతి తెలుగు ఇంటికీ ఈ పని కొత్త కాదు. అప్పు ఎన్నాళ్లకు రెండింతలవుతుందని లెక్కగట్టే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే ఏళ్లు వస్తాయి. మేం తరగతిలో జంట పద్దు విధానం చెప్పేటప్పుడు పేరు చెప్పే లూకా పాచోలీ 1494 నాటి తన గ్రంథంలోనే ఈ 72ను ప్రస్తావించాడు. 72ను 4.6తో భాగిస్తే పదిహేనున్నర ఏళ్ల పైచిలుకు. సరిగ్గా కావాలంటే సూత్రం ఇది:

n = ln 2 / ln(1 + r)

ఇక్కడ r అంటే 0.046. జవాబు 15.4 ఏళ్లు. 72 అనేది ఎనిమిది శాతం దగ్గర దాదాపు సరిగ్గా కుదురుతుంది. నాలుగైదు శాతం దగ్గర 70 లేదా 71 ఇంకొంచెం దగ్గరగా వస్తుంది. ఒక ఊరి సభలో నోటితో చెప్పడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. నాలుగు శాతమైతే సుమారు పద్దెనిమిదేళ్లు, ఆరు శాతమైతే పన్నెండు, ఎనిమిదైతే తొమ్మిది అని గుర్తుపెట్టుకుంటే చాలు.

2014 సెప్టెంబరుకు 15.4 ఏళ్లు కలిపితే 2030 ఆరంభం. ఆనాడు యాభై ఎనిమిదేళ్లకు పింఛనులో చేరిన స్త్రీకి అప్పటికి డెబ్బై మూడు నిండి ఉంటాయి. చేతి వేళ్లు వంగని వయసు, మరో పని దొరకని వయసు. సరిగ్గా ఆ వయసుకే ఆమె వెయ్యి ఐదు వందలవుతుంది.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చెప్పకపోతే నేను చెప్పింది సగమే అవుతుంది. అందరూ చేసే మొదటి తప్పు, యాభైని రేటుతో భాగించడం. ఏడాదికి 4.6 శాతం చొప్పున పోతుంటే యాభై శాతం పోవడానికి పదకొండేళ్లు చాలనుకుంటారు. ఆ లెక్క ప్రకారం 2025లోనే పింఛను విలువ ఐదు వందలకు దిగి ఉండాలి. సూచీ చూపిస్తున్నది 610. విలువ తగ్గేకొద్దీ ఏటా పోయే రూపాయలు కూడా తగ్గుతాయి. మొదటి ఏడాది వెయ్యిలో నలభై నాలుగు పోతే, ఇప్పుడు 610లో ఇరవై ఏడు పోతున్నాయి. అందుకే గీత నేరుగా కిందికి దిగదు, వంగుతూ దిగుతుంది. సున్నాకు ఎప్పటికీ చేరదు. కానీ ఐదు వందలకు దిగాక ఇంకో పదిహేనేళ్లు పోతే సగంలో సగం, అంటే 250 అవుతుంది.

రెండో తప్పు ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని చేసేవాళ్లు చదువుకున్నవాళ్లు. ఈ నెల ద్రవ్యోల్బణం ఎంతో చూసి దాంతోనే భవిష్యత్తు లెక్కగట్టడం. 2025 అక్టోబరులో ఈ సూచీ మీద ద్రవ్యోల్బణం 0.25 శాతం. ఈ వరుస మొదలైనప్పటి నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. 72ను 0.25తో భాగిస్తే 288 ఏళ్లు. 2022 ఏప్రిల్‌లో అది 7.79 శాతం. దాంతో భాగిస్తే తొమ్మిదేళ్ల చిల్లర. మూడున్నరేళ్ల తేడాలో ఒకే రూపాయికి తొమ్మిదేళ్ల ఆయుష్షూ వచ్చింది, 288 ఏళ్ల ఆయుష్షూ వచ్చింది. రెండూ పనికిరావు. ద్రవ్యోల్బణం తగ్గిందని వార్తల్లో వచ్చినప్పుడల్లా ఇక పింఛను గురించి తొందరేముందనే మాట వినిపిస్తుంది. ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, పెరగడం నెమ్మదించడం. పెరిగిన 64 శాతం ఎక్కడికీ పోలేదు. ఆ మెట్టు మీద నుంచే తర్వాతి మెట్టు మొదలవుతుంది.

అందుకే నేను రేటు పట్టుకోను, సూచీనే పట్టుకుంటాను. 2014 సెప్టెంబరులో 120 కాబట్టి, వెయ్యి ఐదు వందలయ్యే రోజు సూచీ 240ను తాకిన రోజే. 2025 సెప్టెంబరు నాటి 197 నుంచి 240 దాకా ఎంత దూరమో చూద్దాం. రిజర్వు బ్యాంకుకు ప్రభుత్వం పెట్టిన లక్ష్యం నాలుగు శాతం, అటూ ఇటూ రెండు శాతం సడలింపుతో. ధరలు సరిగ్గా ఆ నాలుగు శాతం చొప్పున పెరిగితే 240 చేరేది 2030 శరదృతువులో. పై అంచైన ఆరు శాతమైతే 2029 ఆరంభంలోనే. కింది అంచైన రెండు శాతం ఆగకుండా పదేళ్లు నిలబడితే 2035. అంటే తేదీ కచ్చితంగా ఎవరూ చెప్పలేరు గానీ, ద్రవ్యోల్బణం ఈ పరిధిలో ఉన్నంతవరకు 2035 దాటదు. 2012 ఆధార సంవత్సరాన్ని 2024కు మార్చారు కాబట్టి ఆ 240ని కొత్త సూచీలోకి లింకింగ్ గుణకంతో మార్చి చూసుకోవాలి. కొత్త అంకె చిన్నదిగా కనబడి, ధరలు తగ్గాయేమో అనిపించే ప్రమాదం అక్కడుంది.

ఇప్పుడు సంచిలో ఏముందన్న సంగతి. 2012 ఆధారంగా ఉన్న సూచీ సగటు కుటుంబానిది. అందులో ఆహారానికి నూటికి సుమారు నలభై ఆరు వంతులు, వైద్యానికి ఆరు వంతుల లోపు. వెయ్యి రూపాయల మీద ఆధారపడే డెబ్బై ఏళ్ల బీడీ కార్మికురాలి సంచి అలా ఉండదు. ఏళ్ల తరబడి పొగాకు ధూళి పీల్చిన ఊపిరితిత్తులు, వంగి కూర్చున్న నడుము, బీపీ, షుగరు. ఆమె పింఛనులో పెద్ద భాగం మందుల దుకాణానికే పోతుంది.

మందుల విషయంలో మన ప్రభుత్వమే ఒక పద్ధతి పాటిస్తోంది. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు కింద, అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటి గరిష్ఠ ధరను ప్రతి ఏప్రిల్‌లో టోకు ధరల సూచీ ఎంత పెరిగితే అంత పెంచుకునే వీలు కంపెనీలకు ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో ఆ పెంపు 10.77 శాతం, 2023లో 12.12 శాతం. 2024లో దాదాపు ఏమీ లేదు, 2025లో 1.74 శాతం. నాలుగింటినీ గుణిస్తే వంద రూపాయల గరిష్ఠ ధర 126 దాకా పోవచ్చు. ప్రతి కంపెనీ ప్రతి మందుకూ అంత పెంచిందని నేననడం లేదు. 2022, 2023 అంకెలను పట్టుకుని ఆరేళ్లలో మందుల ధర రెండింతలవుతుందని చెప్పడమూ తప్పే, తర్వాతి రెండేళ్లు దాన్ని తిప్పికొట్టాయి. నేను అడుగుతున్నది వేరు. మందు తయారుచేసేవాడి ఖర్చు పెరిగిందని ప్రభుత్వం ఏటా గుర్తిస్తుంది, ఎవరూ ధర్నా చేయకుండానే, ఒక సూచీ చూసి. ఆ మందు కొనే ముసలామె ఖర్చు కూడా పెరిగిందని అదే ప్రభుత్వం పదకొండేళ్లుగా ఎందుకు గుర్తించడం లేదు?

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల విషయంలో గుర్తిస్తోంది. ప్రతి జనవరిలో, ప్రతి జులైలో పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ ప్రకారం వాళ్లకు కరువు ఉపశమనం లెక్కగడతారు. కోవిడ్ కాలంలో మూడు విడతలు ఆపారు గానీ పద్ధతి మాత్రం నిలిచింది. 2016 జనవరిలో ఏడో వేతన సంఘం కింద మొదలైన లెక్క 2025 జులై నాటికి 58 శాతానికి చేరింది. అంటే 2016లో వెయ్యి రూపాయల మూల పింఛను అప్పటికి 1,580 అయింది. వాళ్లకు ఇవ్వడం న్యాయం. ఆ సూచీ పేరులోనే పారిశ్రామిక కార్మికులున్నారు. ఆ కార్మికుల పింఛనుకు మాత్రం ఆ సూచీ వర్తించదు.

మా తెలుగు రాష్ట్రాల్లో ఇంకో పోలిక కళ్లముందే ఉంది. సరిగ్గా అదే 2014లో ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను వెయ్యి రూపాయలైంది, తెలంగాణలో ఆసరా కింద వెయ్యి మొదలైంది. ఆంధ్రలో అది మెట్లు మెట్లుగా పెరిగి 2024లో నాలుగు వేలకు చేరింది. తెలంగాణలో 2019లో 2,016 అయింది. వాటికి డబ్బు పన్నుల నుంచి వస్తుంది, ఈపీఎస్‌కు చందా నిధి నుంచి వస్తుంది కాబట్టి రెండూ ఒకటేనని నేను వాదించను. అవి ఎన్నికల వేడిలో పెరిగాయి, సూచీ చూసి కాదు. తెలంగాణ పింఛను 2,016 దగ్గర ఆగిన రోజు నుంచి దాని గడియారమూ నడుస్తూనే ఉంది. ఎవరో దయతలచినప్పుడు ఒక్కసారిగా పెరిగి, తర్వాత ఏళ్లకేళ్లు కరిగిపోయే పింఛను మీద ముసలివాళ్లు నెల ఖర్చుకు పథకం వేసుకోలేరు.

పింఛనుదారుల సంఘాలు కనీసం 7,500 రూపాయలూ, దాని మీద కరువు భత్యమూ అడుగుతున్నాయని మీకు తెలుసు. ఆ కోరికలో మొదటి సగం గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు రెండో సగమే ముఖ్యం. రేపు మీరు 7,500 ప్రకటించి సూచీతో ముడిపెట్టకపోతే, నాలుగు శాతం ద్రవ్యోల్బణంలో పద్దెనిమిదేళ్లకు అది 3,750 విలువకు దిగుతుంది. అప్పటికి మరో తరం ఢిల్లీ రైలెక్కాలి. వెయ్యి అనేది 2014లోనే చాలా తక్కువ అని నా అభిప్రాయం. ఎంత ఉండాలన్నది ప్రభుత్వం, పార్లమెంటు తేల్చవలసిన విషయం. తేల్చిన తర్వాత ఆ విలువను కాపాడడం ఒక సూచీతో అయ్యే పని.

నిధి చాలదని మీ అధికారులు చెబుతారు. ఆ అభ్యంతరం ఉత్తది కాదు. వేతనం మీద యజమాని వాటా నుంచి వచ్చే 8.33 శాతం, కేంద్రం ఇచ్చే 1.16 శాతం, ఇవే ఈ నిధికి ఆధారం. ఆ శాతాలు లెక్కగట్టే వేతన పరిమితి కూడా 2014 సెప్టెంబరు 1నే పదిహేను వేల దగ్గర ఆగింది. అంటే నెలకు ఒక కార్మికుడి పేరన పింఛను నిధికి వచ్చే యజమాని వాటా 1,250 రూపాయలు దాటదు. పింఛనును ఏ ద్రవ్యోల్బణం తినేసిందో అదే ద్రవ్యోల్బణం నిధికి వచ్చే చందాను కూడా తినేసింది. అదే 1.64తో గుణిస్తే ఆ పదిహేను వేలు ఇప్పుడు సుమారు 24,600 ఉండాలి. పరిమితి పెంచితే చందా పెరుగుతుంది. వేతనాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బైతో భాగించేదే పింఛను సూత్రం కాబట్టి రేపటి పింఛన్ల భారమూ పెరుగుతుంది. అందువల్ల పరిమితి ఒక్కటే పెంచితే లోటు తీరిపోతుందని నేను చెప్పను. కనీస పింఛనుకు తక్కువపడే మొత్తాన్ని ఇప్పటికే కేంద్ర బడ్జెట్ భరిస్తోంది. సూచీతో ముడిపెడితే ఆ భారం ఏటా కొద్దికొద్దిగా, ముందే తెలిసిన లెక్కతో పెరుగుతుంది. పదిహేనేళ్లకోసారి ఒక్కసారిగా ఏడున్నర రెట్లు అడిగించుకోవడం కంటే బడ్జెట్ వేసేవారికి అదే తేలిక.

నేను కోరే మొదటి పని: కనీస పింఛనునూ, వేతన పరిమితినీ రెండింటినీ కలిపి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీకి ముడిపెట్టి, ప్రతి ఏప్రిల్‌లో సవరించే నిబంధనను పథకంలోనే రాయించండి. మందుల ధరకు ఉన్న తేదీయే దీనికీ పెట్టవచ్చు. ఏడాదికోసారి కష్టమనుకుంటే, చివరి సవరణ నాటి సూచీ మీద పది శాతం దాటగానే సవరణ జరగాలని రాయించండి. నాలుగైదు శాతం ద్రవ్యోల్బణంలో అది రెండేళ్లకోసారి వస్తుంది. సవరణ లేని కాలంలో కూడా పింఛను విలువ పదో వంతుకు మించి తగ్గదు.

రెండో పనికి చట్టం కూడా అక్కర్లేదు. పింఛను మంజూరు ఉత్తర్వు మీద రెండు వాక్యాలు అచ్చు వేయించండి. పింఛను మొదలైన నెలలో ధరల సూచీ ఎంత, దాని రెండింతలు ఎంత. 2014 సెప్టెంబరులో చేరినవారికి 120, 240. ఈ నెల చేరేవారికి ఈ నెలది, దాని రెండింతలు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. అప్పుడు మా ఊళ్లో ఇంటర్ చదివే మనవరాలు ప్రతి నెలా 12వ తేదీన ఫోనులో సూచీ చూసి, నాయనమ్మ పింఛను ఎంతవరకు దిగిందో తనే చెప్పగలదు. పార్లమెంటులో మీరు జవాబు చెప్పేటప్పుడు కూడా ఎవరి నెల లెక్క వారి చేతిలో ఉంటుంది.

ధర్మకర్తల మండలి తదుపరి సమావేశం ఎజెండాలో ఈ రెండింటినీ చేర్చి, చేర్చారో లేదో పింఛనుదారుల సంఘాలకు రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాను. సూచీ 240 చేరేలోగా ఆ జవాబు రావాలి.

ఇట్లు,
ఒక కామర్స్ అధ్యాపకురాలు,
నిజామాబాద్ జిల్లా, తెలంగాణ